“కానిది ఏది?” బిట్లు, ‘పైవన్నీ’, దగ్గరి ఆప్షన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూప్‌–2 లాంటి పరీక్షలకు కర్నూలులో చదువుకుంటున్నవాళ్లు మోడల్ పేపరు దిద్దుకున్న రోజల్లా ఇవే అడుగుతుంటారు. సబ్జెక్టు రాక పోయిన మార్కుల సంగతి ఇక్కడ మాట్లాడటం లేదు. వచ్చి కూడా పోయిన మార్కుల గురించే ఇది. ఉదాహరణలన్నీ మన సీమ చరిత్ర, నదులు, రాజ్యాంగం నుంచే తీసుకున్నాను. ఎలాగూ చదవాల్సినవే కదా.

జవాబు తెలిసి కూడా ‘కానిది ఏది’ బిట్లు ఎందుకు తప్పుతాయి?

ఈ బిట్టు చూడండి.

1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి సంబంధించి కింది వాటిలో సరికానిది ఏది?
1) అక్టోబరు 1న ఏర్పడింది
2) రాజధాని కర్నూలు
3) హైకోర్టును గుంటూరులో పెట్టారు
4) తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి

కర్నూలులో ఉండేవాళ్లకు మొదటి రెండూ నోటికి వచ్చినవే. అదే చిక్కు. ఒకటో ఆప్షన్ చదవగానే “అవును, అక్టోబరు 1” అని మనసులో అనుకుంటాం. ఆ ‘అవును’ వినబడగానే చెయ్యి బబుల్ మీదకు పోతుంది. మామూలు బిట్లలో నిజం కనబడితే అదే జవాబు కాబట్టి ఏళ్ల తరబడి ఆ అలవాటు పడిపోయింది. ఇక్కడ ‘అవును’ అంటే ఆ ఆప్షన్ కొట్టివేయాలని అర్థం.

ఈ బిట్టుకు జవాబు 4. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. సంజీవరెడ్డి అప్పుడు ఉపముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు దానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఈ నాలుగో ఆప్షన్ గాలిలోంచి ఊడిపడింది కాదని గమనించండి. వేరే ప్రశ్నకైతే అదే సరైన జవాబు. ఈ సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే దగ్గరి ఆప్షన్ల గుట్టంతా అక్కడే ఉంది.

మరి పరీక్ష హాల్లో ఏం చేయాలి? కచ్చితమైన పద్ధతి ఏదైనా ఉందా?

ఉంది, కాకపోతే పెన్ను కదిలించాలి. మనసులో చేస్తే పనిచేయదు.

ముందు ప్రశ్న చివరి రెండు మాటలు చదవండి. తెలుగులో ‘కాదు’, ‘లేదు’ అనే అర్థం దాదాపు ఎప్పుడూ చివరకే వస్తుంది. ‘సరికానిది ఏది’, ‘సరిగా జతపరచనిది’, ‘చెందనిది’, ‘లేనిది’ ఇవన్నీ అక్కడే ఉంటాయి. ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఇంటూ గుర్తు పెట్టండి. నాకు కావలసింది ఇంటూ అని మీకు మీరు రాసుకున్న చీటీ అది.

ఆ తర్వాత ప్రశ్నను మరిచిపోండి. నాలుగు ఆప్షన్లనూ విడివిడి వాక్యాలుగా చదివి, ఒక్కోదాని పక్కన టిక్ లేదా ఇంటూ పెట్టండి. తెలియనిదానికి ప్రశ్న గుర్తు. ఈ దశలో జవాబు వెతకొద్దు, నిజమా అబద్ధమా అన్నది మాత్రమే తేల్చండి. పై బిట్టులో టిక్, టిక్, టిక్, ఇంటూ వస్తాయి. చివర్లో మాత్రమే సున్నా చుట్టిన చోటికి వెళ్లి, అక్కడ ఏ గుర్తు పెట్టారో ఆ గుర్తున్న ఆప్షన్ తీసుకోండి.

ఈ పద్ధతికి ఇంకో లాభముంది. సంజీవరెడ్డి విషయంలో మీకు అనుమానం ఉండి ప్రశ్న గుర్తు పెట్టారనుకుందాం. మిగతా మూడింటికీ టిక్ పడింది కాబట్టి నాలుగోది తెలియకపోయినా జవాబు అదే. ‘కానిది’ బిట్లలో మనకు తెలియనిదే జవాబు కావడం మామూలే. జవాబు తెలియక కాదు, మిగతా మూడూ చూడక వదిలేసేవాళ్లే ఎక్కువ.

కంప్యూటర్ పరీక్షయితే రఫ్ కాగితం మీద 1 2 3 4 అని వరసగా రాసుకుని వాటి కింద గుర్తులు పెట్టుకోండి. ప్రశ్నపత్రం మీద గీతలు గీయొద్దని సూచనల్లో ఉన్న పరీక్షల్లో కూడా రఫ్ వర్కుకు చోటు ఇస్తారు, అక్కడ రాసుకోండి.

‘చెందినది’, ‘చెందనిది’ మధ్య కంగారు పడిపోతున్నాను. టైం లేకపోతే ఇవి ఎలా పట్టుకోవాలి?

ఇది కంటికి సంబంధించిన చిక్కు, తెలివికి సంబంధించింది కాదు. ‘చెందినది’లో గుడి ‘ద’ మీద ఉంది. ‘చెందనిది’లో అదే గుడి ఒక అక్షరం జరిగి ‘న’ మీదకు వచ్చింది. అంతే తేడా, ప్రశ్న మొత్తం తలకిందులైంది. ‘జరిగినది’, ‘జరగనిది’ కూడా ఇదే కోవ. వేగంగా చదివే కన్ను మాట ఆకారాన్ని చూసి పోతుంది, గుడి ఎక్కడుందో చూడదు.

రెండు భాషల్లో ఉన్న పేపరైతే ఇలాంటి చోట ఇంగ్లీషు వాక్యం మీద ఒక్క చూపు వేయండి. అక్కడ ‘నాట్’ అనే మాట తరచుగా పెద్ద అక్షరాల్లో ఉంటుంది, తప్పించుకోలేరు. తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లీషు వైపు అసలు చూడకపోవడం నాకు నచ్చదు. ప్రశ్న మొత్తం చదవక్కర్లేదు, ఆ ఒక్క మాట ఉందా లేదా చూస్తే చాలు. రెండు భాషల మధ్య తేడా వస్తే దేన్ని ప్రామాణికంగా తీసుకుంటారో ప్రశ్నపత్రం మొదటి పేజీలోని సూచనల్లో చూసుకోండి.

ప్రశ్నలో ‘కానిది’ ఉండి, ఆప్షన్లో కూడా ‘కాదు’ ఉంటే?

అప్పుడే పై పద్ధతి నిజంగా అక్కరకొస్తుంది. ‘కింది వాటిలో సరికాని వాక్యం ఏది’ అని అడిగి, ఒక ఆప్షన్‌గా ‘హంద్రీ పెన్నాకు ఉపనది కాదు’ అని ఇచ్చారనుకోండి. హంద్రీ కర్నూలు దగ్గర తుంగభద్రలో కలుస్తుంది. కాబట్టి ఆ వాక్యం నిజం, దానికి టిక్. కావలసింది ఇంటూ కాబట్టి ఇది జవాబు కాదు. రెండు ‘కాదు’లనూ ఒకేసారి బుర్రలో తిప్పబోతే తల తిరుగుతుంది. వాక్యాన్ని విడిగా తేల్చి, తర్వాత ప్రశ్న దగ్గరకు వెళ్తే తిరగదు.

‘పైవన్నీ’ కనబడితే కళ్లు మూసుకుని పెట్టేయొచ్చా?

పెట్టకూడదు. పరీక్షలు తయారుచేసే విధానం మీద రాసిన మార్గదర్శకాల్లో సాధారణంగా ‘పైవన్నీ’ వాడొద్దనే చెబుతారు, కారణం సగం తెలిసినవాడికి కూడా జవాబు దొరికిపోతుందని. మన పేపర్లలో మాత్రం అది ఇంకా కనబడుతూనే ఉంది. కాబట్టి ఆ సగం తెలివిని సరిగ్గా వాడుకోవడం నేర్చుకోవాలి.

పెన్నా నదికి ఉపనది ఏది? 1) చిత్రావతి 2) పాపాఘ్ని 3) చెయ్యేరు 4) పైవన్నీ. మీకు చిత్రావతి, పాపాఘ్ని కచ్చితంగా తెలుసు, చెయ్యేరు తెలియదు అనుకుందాం. జవాబు ఒక్కటే ఉండాలి కాబట్టి 1, 2 రెండూ నిజమైతే 4 తప్ప దారి లేదు. అంటే రెండు నిజాలు తేలితే చాలు. అలాగే ఒక్క అబద్ధం తేలినా ‘పైవన్నీ’ పోతుంది. చెయ్యేరు బదులు హంద్రీ ఉండి ఉంటే ‘పైవన్నీ’ కొట్టేయడమే. అయితే అప్పుడు 1, 2 రెండూ నిజమై కూర్చుంటాయి కాబట్టి, సరిగా తయారైన బిట్టయితే ‘1 మరియు 2 మాత్రమే’ అనే ఆప్షన్ ఎక్కడో ఉంటుంది.

ఆ ‘1 మరియు 2’ ఉందా లేదా అన్నదే ముందు చూడాలి. అది ఉంటే రెండు నిజాలు తెలిస్తే సరిపోదు, మూడోది కూడా తేలాలి. పిల్లలు ఈ సూత్రం నేర్చుకున్న వారంలో దీన్ని అన్నిచోట్లా వాడేసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

‘కానిది’, ‘పైవన్నీ’ రెండూ ఒకే బిట్టులో వస్తే?

నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ మంది పడే గుంట ఇది.

కింది వాటిలో పెన్నాకు ఉపనది కానిది ఏది? 1) హంద్రీ 2) వేదవతి 3) మూసీ 4) పైవన్నీ

‘కానిది’ అన్న మాట గుర్తుపెట్టుకున్నారు, హంద్రీ తుంగభద్రలో కలుస్తుందని గుర్తొచ్చింది, సంతోషంగా 1 పెట్టి ముందుకు పోయారు. జాగ్రత్తగా ఉన్నందుకే తప్పారు. వేదవతి, అంటే హగరి, కూడా తుంగభద్రలోనే కలుస్తుంది. మూసీ కృష్ణా ఉపనది. మూడూ పెన్నావి కావు కాబట్టి జవాబు 4. నాలుగింటికీ గుర్తు పెట్టేదాకా బబుల్ ముట్టొద్దని చెప్పేది ఇందుకే. అలవాటైతే ఈ గుర్తులకు పట్టే సమయం సెకన్లే.

‘పైవేవీ కావు’ కూడా ఇంతేనా?

దీన్ని కొట్టేయడం తేలిక, పెట్టడం కష్టం. పై మూడింటిలో ఒక్కటి నిజమని తెలిస్తే అది పోతుంది. అది జవాబని తేల్చడానికి మాత్రం మూడూ అబద్ధమని కచ్చితంగా తెలియాలి. ‘ఏదీ తెలియట్లేదు, కాబట్టి ఏవీ కావు’ అనేది కారణం కాదు.

రెండు ఆప్షన్ల దాకా వచ్చి, చివరికి తప్పుదే పెడుతున్నాను. దగ్గరి ఆప్షన్లను ఎలా విడదీయాలి?

మొదట్లో సంజీవరెడ్డి దగ్గర ఆపిన మాట ఇప్పుడు పూర్తి చేస్తాను. మంచి పేపరు సెట్టర్ తప్పు ఆప్షన్లను కల్పించడు, పక్క ప్రశ్న నుంచి అరువు తెచ్చుకుంటాడు. కాబట్టి ప్రతి ఆప్షన్‌ను చూసి “ఇది ఏ ప్రశ్నకు జవాబు?” అని అడగండి.

శ్రీబాగ్ ఒప్పందం ఎప్పుడు కుదిరింది? 1) 1928 2) 1937 3) 1953 4) 1956. నాలుగూ మనకు తెలిసిన సంవత్సరాలే, అందుకే టెన్షన్. ఇప్పుడు ఒక్కోదానికి దాని సొంత ప్రశ్న వెతకండి. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు రాయలసీమ అనే పేరు పెట్టారు. 1953 ఆంధ్ర రాష్ట్రం. 1956 ఆంధ్రప్రదేశ్. ముగ్గురూ ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయాక మిగిలింది 1937. ఆ ఏడాది నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో, అంటే శ్రీబాగ్‌లో, ఒప్పందం కుదిరింది. ఆ తేదీ గుర్తులేకపోయినా మిగతా మూడు తెలిసినందుకే జవాబు వచ్చింది. ‘కానిది’ బిట్టులో మూడు టిక్కులు కొట్టి నాలుగోది పట్టుకున్నట్టే ఇది కూడా.

ఒక ఆప్షన్‌కు మీరు సొంత ప్రశ్న వెతకలేకపోతే అదే జవాబు అని మాత్రం అనుకోకండి. అది మీరు చదవని ప్రశ్నకు జవాబు కావచ్చు. రెండు మిగిలినప్పుడు ఈ పద్ధతి బలంగా పనిచేస్తుంది, నాలుగూ కొత్తగా ఉంటే పనిచేయదు.

స్థలాల విషయంలో ఇంకో రకం దగ్గరితనం ఉంది. కె.సి. కాలువకు నీరు ఏ నది నుంచి అందుతుంది అని అడిగి తుంగభద్ర, పెన్నా రెండూ ఇస్తారు. కాలువ కడప దాకా వస్తుంది కాబట్టి కడప, ప్రొద్దుటూరు వైపు వాళ్లకు పెన్నా అనిపిస్తుంది. నీరు మళ్లేది మాత్రం సుంకేసుల దగ్గర, తుంగభద్ర నుంచి. మొదలు అడిగారా, చివర అడిగారా అని ప్రశ్నలో వెతకాలి.

జిల్లాల బిట్లకు మరో మాట. 2022 ఏప్రిల్ 4 నుంచి బెలూం గుహలు నంద్యాల జిల్లాలో, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. పాత బిట్ బ్యాంకుల్లో కర్నూలు, అనంతపురం అనే ఉంటుంది. అంటే పాత కీ ఇప్పుడు మీకు దగ్గరి తప్పు ఆప్షన్ అయింది. పుస్తకం ఏ సంవత్సరం ముద్రణో చూసుకోకుండా జిల్లాలు బట్టీ పట్టొద్దు.

‘మాత్రమే’, ‘ఎల్లప్పుడూ’ ఉన్న వాక్యం తప్పే అంటారు. నిజమేనా?

సగం నిజం. కొంచెం పెద్ద బిట్టుతో చూద్దాం, ఇందులో మనం అనుకున్నవన్నీ ఒకేచోట ఉన్నాయి.

కింది వాటిలో సరికాని వాక్యాలు ఏవి?
ఎ. ప్రాథమిక హక్కుల అమలు కోసం సుప్రీంకోర్టు ఆర్టికల్ 32 కింద రిట్లు జారీ చేయగలదు.
బి. హైకోర్టు ఆర్టికల్ 226 కింద ప్రాథమిక హక్కుల కోసం మాత్రమే రిట్లు జారీ చేయగలదు.
సి. అంటరానితనాన్ని ఏ రూపంలో ఆచరించినా ఆర్టికల్ 17 నిషేధిస్తుంది.
డి. ఆస్తి హక్కు ఇప్పటికీ ప్రాథమిక హక్కే.
1) ఎ, సి 2) బి, డి 3) ఎ, బి 4) సి, డి

ముందు ‘సరికాని’కి సున్నా. ఆస్తి హక్కును 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల నుంచి తీసేశారు, ఇప్పుడది ఆర్టికల్ 300ఎ కింద చట్టబద్ధమైన హక్కు. కాబట్టి డికి ఇంటూ. ఆర్టికల్ 32 అందరికీ తెలిసిందే, ఎకి టిక్. ఈ రెండిటితోనే డి లేని 1, 3 పోయాయి, మిగిలినవి 2, 4. ఇప్పుడు తగువు బి, సిల మధ్య.

రెండింటిలోనూ గట్టి మాట ఉంది, ఒకచోట ‘మాత్రమే’, ఇంకోచోట ‘ఏ రూపంలో ఆచరించినా’. గట్టి మాట ఉంటే తప్పు అనే సూత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది. ఆర్టికల్ 17లో ఆ మాట రాజ్యాంగమే వాడింది, కాబట్టి సి నిజం. 226 కిందనైతే హైకోర్టు ఇతర ప్రయోజనాల కోసం కూడా రిట్లు ఇవ్వగలదు, ‘మాత్రమే’ అన్నది పేపరు సెట్టర్ చేర్చిన మాట. బి తప్పు, జవాబు 2.

అందుకని గట్టి మాట కనబడగానే కొట్టేయకుండా, ఆ మాట తీసేసి వాక్యం మళ్లీ చదవండి. ‘మాత్రమే’ తీస్తే బి నిజమైపోతుంది. ఒక నిజమైన వాక్యానికి ఆ ఒక్క మాట తగిలించి తప్పు చేశారని అప్పుడు అనుమానించాలి. అసలు నియమంలోనే ఆ మాట ఉందా అన్నది చదివి ఉంటేనే తెలుస్తుంది. అక్కడ ట్రిక్కు లేదు.

పైగా 1వ ఆప్షన్ చూడండి. ఎ, సి నిజమైన వాక్యాల జంట. ‘సరికాని’ అన్నది మరిచిపోయినవాళ్ల కోసం ప్రత్యేకంగా పరిచిన వల అది. మీరు తేల్చిన జంట ఒకటి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన జంట ఇంకొకటి ఆప్షన్లలో కనబడితే, బబుల్ చేసేముందు ప్రశ్న చివరి మాట ఇంకోసారి చదవండి.

రెండు మిగిలాయి, ఇంక తేలడం లేదు. నెగెటివ్ మార్కులున్నప్పుడు పెట్టాలా వదలాలా?

తప్పుకు మూడో వంతు మార్కు కోసే పరీక్ష, నాలుగు ఆప్షన్లు అనుకుంటే లెక్క చిన్నదే. ఏమీ తెలియక నాలుగు బిట్లు పెడితే సగటున ఒకటి తగులుతుంది, మూడు తప్పి ఒక మార్కు పోతుంది. లాభం సున్నా, టెన్షన్ అదనం. ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే అలాంటి తొమ్మిది బిట్లకు సగటున ఒక మార్కు మిగులుతుంది. రెండు కొట్టేయగలిగితే మూడు బిట్లకే ఒక మార్కు మిగులుతుంది. కాబట్టి రెండు మిగిలితే పెట్టడమే నా సలహా. కొట్టేసిన రెండూ నిజంగా కారణంతో కొట్టేసినవై ఉండాలి, ‘ఏదో అనిపించి’ కొట్టేస్తే ఈ లెక్క చెల్లదు.

ఈఏపీసెట్ లాంటి నెగెటివ్ లేని పరీక్షల్లో ఖాళీ వదలడంలో అర్థం లేదు. కోత ఎంతో మీ నోటిఫికేషన్‌లో చూసుకుని లెక్క మార్చుకోండి.

మొదట తట్టిందే రైటంటారు. మార్చొచ్చా?

ఈ నమ్మకం బలంగానే ఉంది కానీ, జవాబులు మార్చిన కాగితాలను పరిశీలించిన అధ్యయనాల్లో తప్పు నుంచి రైటుకు మారినవే ఎక్కువ కనబడ్డాయి. రైటును మార్చి తప్పు పెట్టుకున్న బిట్టు జన్మంతా గుర్తుంటుంది, తప్పును సరిదిద్దుకున్నది మరిచిపోతాం. కారణం దొరికితే మార్చండి. ‘కానిది’ చూడలేదని తర్వాత కనబడితే అంతకన్నా మంచి కారణం ఉండదు. వట్టి భయంతో మాత్రం మార్చొద్దు. ఓఎంఆర్ మీద ఒకసారి పెన్నుతో దిద్దాక దారి లేదు, కాబట్టి ఇలాంటి బిట్లకు ప్రశ్నపత్రం దగ్గరే ఆగి తేల్చుకోండి.

ఇంట్లో దీన్ని ఎలా సాధన చేయాలి?

పాత పేపరులో ‘కానిది’ బిట్లు మాత్రం ఏరుకోండి. కీ చూసేముందు ప్రతి ఆప్షన్ పక్కన అది ఎందుకు నిజమో, ఎందుకు కాదో ఒక్క ముక్క రాయండి. హంద్రీ పక్కన ‘తుంగభద్ర’, సంజీవరెడ్డి పక్కన ‘1956’ అని, అంతే. తప్పిన బిట్లను రెండు కుప్పలుగా వేరు చేయండి. విషయం తెలియక తప్పినవి ఒకవైపు, ప్రశ్న సరిగా చదవక తప్పినవి ఇంకోవైపు. మొదటి కుప్పకు పుస్తకం తీయాలి. రెండో కుప్ప పెద్దగా ఉంటే ఇంకో పుస్తకం కొనకండి, ఆ బిట్లనే గుర్తులు పెడుతూ మళ్లీ చేయండి.

రెండు ఆప్షన్లూ నిజంగానే సరైనవైతే?

అలా జరుగుతుంది, పేపరు సెట్టర్లూ మనుషులే. హాల్లో దానితో కుస్తీ పట్టొద్దు, ఎక్కువ సూటిగా సరిపోయేది పెట్టి ముందుకు పొండి. ప్రశ్న నంబరు గుర్తుపెట్టుకోండి. ఏపీపీఎస్సీ ప్రాథమిక కీ విడుదల చేసి అభ్యంతరాలకు గడువు ఇస్తుంది. ఆ గడువులోపు ప్రామాణిక పుస్తకంలోని పేజీ ఆధారంగా పెట్టి అభ్యంతరం పంపండి. గైడ్లు, బిట్ బ్యాంకులు అక్కడ ఆధారంగా నిలబడవు.